గోడలో ఉప్పు, రంగు మీద నింద

కింది అంతస్తు ఇళ్లలో గోడ ఏ ఎత్తున పాడవుతోందో ఒకసారి గమనించండి. నేల నుంచి మోకాలి దాకానో నడుము దాకానో రంగు ఉబ్బి, పొరలుగా లేచి, వెనక నుంచి తెల్లటి పొడి రాలుతూ ఉంటుంది. ఆ పైన గోడ నిక్షేపంగా ఉంటుంది. రెండు చోట్లా వేసింది ఒకే డబ్బాలోని రంగు, వేసింది ఒకే పెయింటరు, అదీ ఒకే రోజు. తప్పు రంగుదే అయితే పైన కూడా ఊడాలి కదా! అయినా రెండేళ్లకోసారి మనం మార్చేది రంగునే. గీకిస్తాం, పుట్టీ పెట్టిస్తాం, ఈసారి ఇంకాస్త ఖరీదైన డబ్బా తెప్పిస్తాం. ఏడాది తిరక్కుండానే అదే ఎత్తులో అదే మరక మళ్లీ వస్తుంది. కొన్ని ఇళ్లలో ఇంకో జానెడు పైకి కూడా పాకుతుంది.

గోడకు చౌడు పట్టిందని, నెమ్ము ఎక్కిందని మనవాళ్లు అనేది దీన్నే. ఇందులో నేరస్తులు ఇద్దరు, నీరూ ఉప్పూ. మనకు నీరు ఒక్కటే కనబడుతుంది కాబట్టి దాన్ని ఆపితే చాలనుకుంటాం. కానీ నీరు వస్తుంది, ఆవిరై పోతుంది. అది మోసుకొచ్చిన ఉప్పు మాత్రం గోడలోనే ఉండిపోతుంది, ఏటికేడు పెరుగుతుంది. కాబట్టి గోడను బాగుచేయాలంటే తడి వచ్చే దారి మూయాలి, లోపల చేరిన ఉప్పును బయటికి తీయాలి. రెంటిలో ఏ ఒక్కటి వదిలేసినా మిగతా ఖర్చంతా వృథా.

ముందు ఆ తెల్లటి పొడి ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే తెల్లగా ఉన్నదంతా ఉప్పు కాదు. గోడ పైకి వచ్చిన పొడిని కొంచెం గీకి చెంచాడు నీళ్లలో వేయండి. కరిగిపోతే అది ఉప్పే. కరగకుండా అడుగున నిలిస్తే దాని మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. నురగ వస్తే అది సున్నం. సిమెంటులోని సున్నం నీళ్లతో పాటు బయటికి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి గట్టిపడినది. శ్లాబు పగుళ్ల కింద తెల్లటి చారలు, బొట్లుగా వేలాడే గట్టి పూత సాధారణంగా ఇదే. దాని మూలం డాబా మీద నిలిచే నీళ్లు, నేల కాదు. పుట్టీ పొడి కూడా వెనిగర్‌తో నురగ ఇస్తుంది కనుక పరీక్షకు తీసుకున్నది గోడలోంచి పైకి వచ్చిన పొడే అని చూసుకోవాలి. ఇక నీళ్లలో కరగక, వెనిగర్‌కు నురగ రాక, దూదిలా మెత్తగా, నలుపో ఆకుపచ్చో కలిసి ఉంటే అది బూజు. దానికి మందు గాలీ వెలుతురూను. ఈ వ్యాసంలో చెప్పుకోబోయేది మొదటి రకం గురించి, నీళ్లలో కరిగే ఉప్పు గురించి.

ఈ ఉప్పులో ముఖ్యంగా మూడు జాతులున్నాయి. సల్ఫేట్లు ఇటుకలోని మట్టి నుంచి, దాన్ని కాల్చిన బొగ్గు నుంచి, సిమెంటు నుంచి, నేలలోని నీటి నుంచి వస్తాయి. క్లోరైడ్లు, అంటే మనం తినే ఉప్పు జాతివి, ఉప్పునీటి బోర్ల నుంచి, సముద్రపు గాలి నుంచి, సరిగా కడగని ఇసుక నుంచి చేరతాయి. నైట్రేట్లు పశువుల పాక, మరుగుదొడ్డి గొయ్యి, మురుగు కాలువ దగ్గరి నేలలో ఉంటాయి. పాత ఇళ్లలో ఒకప్పుడు గొడ్లను కట్టేసిన వైపు గోడ ఒక్కటే ఎన్ని పూతలు వేసినా నిలవకపోవడానికి తరచు కారణం ఇదే. పాక తీసేసి ముప్పై ఏళ్లయినా ఉప్పు అక్కడే ఉంటుంది.

నేలలోని నీళ్లు గోడలోకి ఎలా ఎక్కుతాయి? ఇటుకలోనూ గారలోనూ కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి. నీటికి ఆ రంధ్రాల గోడలను అంటుకునే గుణం ఉంది కనుక పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్ననిదైతే అంత ఎత్తుకు ఎక్కగలదు. ఆ లెక్కన చూస్తే ఇల్లంతా తడిసిపోవాలి. అలా జరగకపోవడానికి కారణం, ఎక్కుతున్న నీరు దారి పొడవునా గోడ రెండు ముఖాల నుంచీ ఆవిరైపోతుండటమే. కింది నుంచి వచ్చేదీ పక్కల నుంచి ఆరిపోయేదీ సమానమయ్యే ఎత్తు దగ్గర తడి ఆగిపోతుంది. మామూలు ఇటుక గోడల్లో ఇది సుమారు ఒక మీటరు, అంటే మూడడుగుల చిల్లర.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ కనబడుతోందని లోపలివైపు అంతవరకు టైల్స్ అతికించారనుకోండి, లేదా వాటర్‌ప్రూఫ్ పూత పూశారనుకోండి. నీరు ఆరే చోటును మూసేసినట్టే. కింది నుంచి రావడం మాత్రం ఆగలేదు. అది కొత్త సమతూకం కోసం ఇంకా పైకి ఎక్కుతుంది. టైల్స్ పట్టీకి సరిగ్గా పైన అరచేతి వెడల్పున రంగు ఉబ్బడం చూసే ఉంటారు. టైల్స్ పని బాగా చేయలేదని మేస్త్రీని తిట్టడం అన్యాయం. నేల తడికి టైల్స్ జవాబు కానే కావు.

ఇక రంగు ఎందుకు ఊడుతుంది? నీరు ఆవిరైన చోట ఉప్పు స్ఫటికాలు కడుతుంది. సున్నం వేసిన గోడ మీదైతే నీరు పైముఖం దాకా వచ్చి అక్కడ ఆరుతుంది. ఉప్పు గోడ మీద తెల్లగా పూస్తుంది, చీపురుతో దులిపితే పోతుంది. చూడ్డానికి అసహ్యమే గానీ గోడకు పెద్ద నష్టం లేదు. ప్లాస్టిక్ ఎమల్షన్, ఆయిల్ పెయింట్, దళసరి పుట్టీ వేసిన గోడ మీద నీటికి ఆ దారి లేదు. రంగు పొర వెనకే, గార రంధ్రాల్లోనే ఆరుతుంది. స్ఫటికాలు ఆ ఇరుకు రంధ్రాల్లోనే పెరుగుతాయి. పెరిగే స్ఫటికం తోసే తోపుకు గార తట్టుకోలేదు. ముందు రంగు బుడగలు తేలుతుంది, తర్వాత పుట్టీ పొడిపొడిగా రాలుతుంది, చివరికి గార పెచ్చులుగా ఊడి ఇటుక బయటపడుతుంది. ఇటుక కూడా గోటితో గీకితే రాలే స్థితికి వచ్చిందంటే ఆ గోడ చాలా ఏళ్లుగా ఉప్పు తింటోందన్నమాట.

మన వాతావరణానికి ఇందులో ప్రత్యేకమైన పాత్ర ఉంది. సోడియం సల్ఫేట్ అనే ఉప్పు సుమారు 32 డిగ్రీల వేడి దాటితే నీటి అంశం లేని పొడి రూపంలో ఉంటుంది. చల్లబడి తేమ తగిలితే ఒక్కో అణువు పది నీటి అణువులను కలుపుకొని మూడు రెట్లకు పైగా పెరిగిన రూపంలో మళ్లీ స్ఫటికం కడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, వాన పడిన రాత్రి, మళ్లీ ఎండ. మన గోడలు ఆ 32 డిగ్రీల గీతను ఏడాదిలో ఎన్నిసార్లు దాటుతాయో ఊహించుకోవచ్చు. దాటిన ప్రతిసారీ రంధ్రంలో ఇంకో తోపు.

క్లోరైడ్ల ఆట వేరు. వానాకాలంలో వంటింట్లో మూత తీసి ఉంచిన ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది కదా, గోడలోని ఉప్పు కూడా అలాగే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరవుతుంది. మన కోస్తాలో ఏడాదిలో ఎన్నో రాత్రులు గాలి తేమ అంతకన్నా ఎక్కువే. నైట్రేట్లలో కొన్నిటికి అంత తేమ కూడా అక్కర్లేదు. అందుకే నేల నుంచి తడి పూర్తిగా ఆపేసిన గోడ కూడా ముసురు పట్టిన రోజున మళ్లీ నల్లబడుతుంది. ఇంటివాళ్లు చేసిన పని ఫెయిలయిందనుకుంటారు. ఫెయిలయింది తడి ఆపే పని కాదు, ఉప్పున్న పాత గారను తీయకపోవడం.

ఒక ఇంటి లెక్క

గోదావరి డెల్టాలో కాలువకు దగ్గరలో ఉన్న ఒక ఇల్లు అనుకుందాం. 1985 ప్రాంతంలో కట్టింది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, వాటి మీదే శ్లాబు, కాంక్రీటు స్తంభాలు లేవు. కట్టినప్పుడు బేస్‌మట్టం వీధికి రెండడుగుల ఎత్తున ఉండేది. తర్వాత వీధిలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. ఇప్పుడు బేస్‌మట్టం వీధికి అరడుగు ఎత్తు కూడా లేదు. ఆవరణలో నీళ్లు నిలుస్తున్నాయని ఇంటివాళ్లు మట్టి పోయించి, దాని మీద గోడ దాకా సిమెంటు గచ్చు చేయించారు. లోపల పాత గచ్చు పగలగొట్టకుండా దాని మీదే కొత్త టైల్స్ వేయించారు. కారణం వేరు, ఉద్దేశం మంచిదే. కానీ ఈ మూడు పనులూ కలిసి గోడ గతిని మార్చేశాయి.

ఎందుకో చూడండి. పద్ధతి ప్రకారం కట్టిన ఇంట్లో పునాది పైన, గోడ మొదలయ్యే చోట, గోడ వెడల్పంతా ఒక దళసరి కాంక్రీటు పట్టీ వేసి దాని పైన తారు పూస్తారు. మేస్త్రీలు డీపీసీ అనేది దీన్నే. నేల తడి అక్కడ ఆగిపోవాలి. బయట మట్టం ఈ పట్టీకి కనీసం అరడుగు కిందుండాలి. ఈ ఇంట్లో బయట గచ్చు పట్టీని దాటి పైకి వచ్చేసింది. ఆవరణలో పడిన నీరు పట్టీతో పనిలేకుండా నేరుగా దాని పైనున్న ఇటుకలోకి దూరుతోంది. బయటి గార కూడా కింద గచ్చును తాకుతోంది కాబట్టి అదొక వంతెన. లోపలా అంతే. టైల్స్ కింద వేసిన ఇసుకా సిమెంటూ పట్టీకి పైన గోడను ఒరుసుకొని ఉన్నాయి. అసలు పట్టీ చెడిపోలేదు. దాన్ని మనమే దాటవేయించాం.

ఈ సంగతి తెలియాలంటే ముందు నిర్ధారణ జరగాలి. చాలామంది అమ్మకందారులు గోడకు రెండు సూదులు గుచ్చే చిన్న మీటరు తెచ్చి అంకె చూపిస్తారు. అది కొలిచేది విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. ఉప్పున్న చోట విద్యుత్తు తేలిగ్గానే పారుతుంది కాబట్టి ఆరిన గోడలో కూడా అంకె పెద్దగానే వస్తుంది. ఆ అంకె ఒక్కదాన్నే నమ్మి ఖర్చు పెట్టకూడదని నా అభిప్రాయం.

నమ్మదగిన పరీక్ష డ్రిల్లుతో చేసేది. గోడలో అరడుగు, అడుగున్నర, మూడడుగులు, నాలుగున్నర అడుగుల ఎత్తుల్లో నిదానంగా డ్రిల్లు చేసి, పైపై పొడి వదిలేసి, లోతు నుంచి వచ్చిన ఇటుక పొడిని వేర్వేరు ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి తీసుకోవాలి. వేగంగా చేస్తే వేడికి తడి అక్కడే ఆరిపోతుంది. ఒక్కొక్కటి 20 గ్రాములు తూచి, బాగా ఆరబెట్టి మళ్లీ తూచాలి. మన ఇంట్లో అరడుగు దగ్గరి పొడి 18 గ్రాములకు తగ్గిందనుకుందాం. అంటే పదిశాతం నీరు. అడుగున్నర దగ్గర 18.6, మూడడుగుల దగ్గర 19.5, నాలుగున్నర దగ్గర 19.9. ఎత్తు పెరిగేకొద్దీ తడి తగ్గుతోంది కనుక నీరు కిందినుంచే వస్తోంది. అలా కాకుండా మూడడుగుల దగ్గరే ఎక్కువ తడి ఉండి కింద తక్కువుంటే గోడలో పైపు కారుతోందనో, అవతల స్నానాల గది ఉందనో అర్థం. పైపు సంగతి తేల్చడానికి ఇంకో తేలిక ఉపాయం ఉంది. రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి, ట్యాంకు నింపే మోటారు ఆపేసి, పైట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టుకొని తెల్లవారి చూడాలి. మట్టం తగ్గితే ముందు ప్లంబరును పిలవాలి, పెయింటరును కాదు.

ఉప్పు లెక్క కూడా వేసి చూద్దాం. ఆ ఊరి నేలనీటిలో లీటరుకు రెండు గ్రాముల ఉప్పు ఉందనుకుందాం. ఒక మీటరు పొడవు గోడ నుంచి రోజుకు పావు లీటరు ఆవిరైతే అరగ్రాము ఉప్పు గోడలో మిగులుతుంది. ఏడాదికి సుమారు 180 గ్రాములు, పదేళ్లకు దగ్గర దగ్గర రెండు కిలోలు. ఇదంతా గార వెనకా రంగు వెనకా పేరుకుంటుంది. గీకి, ప్రైమర్ కొట్టి, రంగు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

బాగుచేసే వరస

పని బయట మొదలుపెట్టాలి. గోడను ఆనుకున్న గచ్చును ఒకటిన్నర, రెండడుగుల వెడల్పున పగలగొట్టి, మట్టి తీసి, పట్టీకి అరడుగు కిందికి మట్టం దించాలి. అక్కడ గోడకు దూరంగా వాలు పెట్టి, నీళ్లు తూముకో ఇంకుడు గుంతకో చేరేలా చేయాలి. పునాది అడుగుకు మించి తవ్వకూడదు, ఇల్లు కుంగుతుంది. వీధే ఎత్తయిపోయి నీళ్లు పోయే దారి లేనప్పుడు గుంతలో చేర్చి పంపుతో ఎత్తిపోయక తప్పదు. బయటి గారను పట్టీ దగ్గర అడ్డంగా కోసి, దాని కింద భాగం తీసేయాలి. గోడను ఆనుకున్న పూలమడిని జరపాలి, ఏసీ నీళ్ల గొట్టాన్నీ డాబా నీళ్ల గొట్టాన్నీ గోడ మొదట్లో కాకుండా దూరంగా వదలాలి. చాలా ఇళ్లలో ఈ పనితోనే మూలం సగానికి పైగా పోతుంది. ఖర్చు కూడా మిగతావాటికన్నా తక్కువ. అయినా దీన్ని వదిలేసి లోపలి పూతల మీద డబ్బు పోస్తారు, నాకు బాధ కలిగించేది అదే.

ఇంట్లో పట్టీయే లేకపోతేనో, పగిలిపోతేనో అప్పుడు గోడలోకి మందు ఎక్కించే పద్ధతి ఉంది. బయటి మట్టానికి సుమారు అరడుగు పైన, ఇటుకల మధ్య ఉండే సిమెంటు అతుకు వెంట, 12 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు అంగుళాల ఎడంతో అడ్డంగా వేస్తారు. తొమ్మిది అంగుళాల గోడలో రంధ్రం అవతలి ముఖానికి ఒకటిన్నర అంగుళం ఇవతల ఆగాలి. పొడి ఊది శుభ్రం చేసి, సైలేన్, సైలాక్సేన్ ఉండే వెన్నలాంటి మందును అడుగు నుంచి నింపుకుంటూ రావాలి. అది అతుకులోకి పాకి రంధ్రాల గోడలకు నీటిని అంటుకోనివ్వని గుణం తెస్తుంది. నీటి దారి మూసుకుపోదు, కానీ నీరు పాకే బలం పోతుంది.

దీనికీ హద్దులున్నాయి. బయటి గచ్చు మట్టం మందు వరసకు పైనుంటే ఏం లాభం లేదు. బండరాళ్ల గోడల్లో, మట్టి అడుసుతో కట్టిన గోడల్లో మందు ఖాళీల్లోకి పోతుంది తప్ప వరసగా వ్యాపించదు. స్తంభాల మీద కట్టిన ఇంట్లో మందు ఎక్కించాల్సింది బీము పైన ఉన్న ఇటుక వరసలోనే, బీములోనూ స్తంభంలోనూ కాదు. గోడ కింద పాత కరెంటు పైపులు ఉంటే ముందే చూసుకుని, మెయిన్ ఆపేసి పని చేయాలి.

తర్వాత లోపలి గార. మరక పై అంచు ఎక్కడ ఆగిందో దానికి ఇంకో అడుగు పైదాకా గార మొత్తం ఇటుక కనబడేలా కొట్టేయాలి. అతుకుల్లోంచి అరంగుళం లోతుకు గీకాలి. పొడి ముక్కుల్లోకి పోకుండా మాస్కు పెట్టుకోవాలి. రాలినదంతా గోనెల్లో పోసి ఊరవతలకు పంపించాలి. ఉప్పుతో నిండిన ఆ మట్టిని పెరట్లో పోస్తే వానకు కరిగి అదే గోడ కిందికి చేరుతుంది. మేస్త్రీలు దాన్ని జల్లెడ పట్టి మళ్లీ నేలలో కలపడం నేను చూశాను, అది అస్సలు ఒప్పుకోకూడదు.

ఇక్కడ అందరి ఓపికా పరీక్షకొస్తుంది. గోడ ఆరాలి. తడి మూలం ఆగాక అంగుళం మందానికి ఒక నెల అని పనివాళ్ల లెక్క. తొమ్మిది అంగుళాల గోడకు తొమ్మిది నెలలు. ఇంట్లో మనుషులుండగా అన్ని నెలలు ఇటుక గోడ చూస్తూ కూర్చోలేం, నిజమే. కనీసం ఒక ఎండాకాలం పూర్తిగా వదిలినా చాలా మేలు. సంక్రాంతి దాటగానే గార కొట్టేస్తే ఫిబ్రవరి నుంచి మే దాకా ఆరే కాలం దొరుకుతుంది, కాలువలు కట్టేసే రోజులు కూడా ఈ కాలం చివర్లోనే వస్తాయి కనుక అప్పుడు నేలలోనూ తడి తగ్గుతుంది. ఈ నెలల్లో ఇటుక మీద తెల్లగా పూత వస్తుంది. భయపడక్కర్లేదు, వచ్చినంత మంచిదే. లోపలి ఉప్పు బయటికి వస్తోందన్నమాట. పొడి బ్రష్షుతో దులిపి, కింద కాగితం పరచి పట్టుకొని పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పూత రావడం తగ్గేదాకా వారానికోసారి ఇలా చేయాలి. దళసరి సున్నపు గోడలున్న పాత కట్టడాల్లో కాగితపు గుజ్జు, తెల్లమట్టి కలిపి ముద్దలా పట్టించి, అది ఆరుతూ ఉప్పును లాక్కున్నాక తీసేసే పద్ధతి కూడా ఉంది. అది ఓపికా నైపుణ్యమూ ఉన్నవాళ్ల పని.

ఆరిన గోడకు కొత్త గార వేసేటప్పుడు కాఠిన్యం మీద మోజు వద్దు. సిమెంటు ఎక్కువేస్తే గట్టిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. గట్టి గార నీటి ఆవిరిని వదలదు, ఉప్పు తోపుకు పెళ్లలుగా ఊడుతుంది. ఒక పాలు సిమెంటు, ఒక పాలు పొడి సున్నం, ఆరు పాళ్లు బాగా కడిగిన ఇసుక. ఇది గాలి పీల్చే గార. దీన్ని రెండు పూతలుగా, మొత్తం ముప్పావు అంగుళం మందానికి మించకుండా వేసి, నేలకు ఆనకుండా అంగుళం, రెండంగుళాల ఖాళీ వదిలి స్కర్టింగు చెక్కతో కప్పేయొచ్చు. కలిపే నీళ్లు ఉప్పునీళ్లు కాకూడదు. ఆ బోరు వల్లే కదా ఇంత పని పడింది!

గార ఆరాక మొదటి ఏడాది సున్నపు పూతే మంచిది, మూడు చేతులు. అది నచ్చనివాళ్లకు సిలికేట్ రంగులు దొరుకుతాయి, అవి కూడా గోడను ఊపిరాడనిస్తాయి. పుట్టీ ఆ ఏడాది ఊసెత్తవద్దు. ఎమల్షనే కావాలనుకుంటే ముందు ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అతికించి ఒక రాత్రంతా ఉంచండి. తెల్లవారి షీటు గోడ వైపు చెమర్చి ఉంటే లోపల ఇంకా తడి ఉంది, ఆగాలి. గది వైపు చెమరిస్తే అది గాలిలోని తేమ, గోడది కాదు.

పై అంతస్తుల్లో, ఫ్లాట్లలో ఉండేవాళ్లకు నేల తడి సమస్య ఉండదు. అక్కడ పడమటి గోడ మీద వాన జల్లు, స్నానాల గది టైల్స్ అతుకులు, డాబా మీది పిట్టగోడ మొదలు, ఈ మూడు చోట్లు చూడాలి. ఆ గోడలకు వాటర్‌ప్రూఫ్ పూత పనికొస్తుంది, కాకపోతే వాన తగిలే బయటివైపు, నీళ్లు నిలిచే డాబా పైవైపు వేయాలి. నీరు దూరే ముఖాన్ని మూయాలి గానీ నీరు ఆరే ముఖాన్ని కాదు. కొత్త ఫ్లాటులో మొదటి ఏడాదే రంగు ఊడుతుంటే చాలాసార్లు కారణం ఇంకా ఆరని గార. తాపీ పనిలో వాడిన నీళ్లన్నీ ఎటో ఒకవైపు పోవాలి. కనీసం 28 రోజులు, ముసురు రోజులైతే ఇంకా ఎక్కువ ఆగకుండా పుట్టీ పెట్టకూడదు. ఆ మొదటి పూత ఒకటి రెండు ఎండాకాలాల్లో దానంతటదే తగ్గుతుంది, పొడి బ్రష్షుతో దులుపుకుంటే చాలు.

ఇల్లు కట్టుకోబోతున్నవారు ఉప్పు గోడలోకి రాకముందే ఆపొచ్చు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం బేస్‌మట్టం చుట్టూ ఉన్న నేలకు కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మన వీధుల్లో రోడ్లు పెరిగే తీరు చూస్తే మూడడుగులు పెట్టుకోవడమే మేలు. బయటి గోడల కింద డీపీసీ వేసి లోపలి అడ్డగోడలను నేరుగా గచ్చు కాంక్రీటు మీద కట్టేయడం చాలా చోట్ల జరుగుతుంది. అలా కట్టిన ఇళ్లలో బయటి గోడలు బాగుండి, హాలుకూ పడకగదికీ మధ్య గోడ ఒక్కటే చౌడు పడుతుంది. అడ్డగోడల కింద కూడా పట్టీ, దాని మీద తారు పూత ఉందో లేదో గోడ లేవకముందే వెళ్లి చూసుకోవాలి. కలిపే నీళ్లూ తడిపే నీళ్లూ ఒకసారి ల్యాబులో పరీక్ష చేయించాలి. ఐఎస్ 456 నియమం ప్రకారం లీటరు నీటిలో సల్ఫేట్లు 400 మిల్లీగ్రాములు మించకూడదు. ఇనుము ఉన్న కాంక్రీటుకు క్లోరైడ్లు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇటుకల పరీక్షకైతే ల్యాబు కూడా అక్కర్లేదు. లోడు దిగగానే వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు ఇటుకలు తీయండి. ఒక్కొక్కదాన్ని ఒక పళ్లెంలో నిలువుగా పెట్టి, బ్యాటరీలో పోసే శుద్ధ జలం అంగుళం ఎత్తున పోసి, గాలి ఆడే గదిలో వదిలేయండి. నీళ్లన్నీ ఇంకి, ఆరిపోయాక మళ్లీ అంతే పోయండి, అవీ ఆరనివ్వండి. కుళాయి నీళ్లు వాడితే వాటి ఉప్పే కనబడి మోసపోతారు. చివరికి ఇటుక మీద తెల్లదనం పదోవంతు లోపుంటే స్వల్పమని, సగం దాకా ఉంటే మధ్యస్థమని లెక్క. మామూలు ఇటుకకు మధ్యస్థం దాకా నియమం ఒప్పుకుంటుంది. సగానికి మించి తెల్లబడితే, ఇటుక అంచు పొడిగా రాలుతుంటే మాత్రం ఆ లోడును బట్టీకి వెనక్కి పంపించేయండి.